డ్రాయింగు 22 రోజులు ఆలస్యమైతే ప్రాజెక్టు ఎన్ని రోజులు ఆలస్యమైనట్టు?

"మీ కన్సల్టెంటు డ్రాయింగులు సకాలంలో ఇవ్వనందువల్ల మా పని తీవ్రంగా దెబ్బతింటోంది. దీనివల్ల కలిగే ఆలస్యానికి మేము బాధ్యులం కాము. తగినంత గడువు పొడిగించవలసిందిగా కోరుతున్నాము."

ఏ సైటు ఆఫీసులో ఫైలు తీసినా ఇలాంటి ఉత్తరాలు పదో పాతికో దొరుకుతాయి. రాసినవాళ్ల కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ రెండేళ్ల తర్వాత గడువు పొడిగింపు మీద లెక్క తేల్చడానికి కూర్చున్నప్పుడు ఆ ఉత్తరం దాదాపు ఎందుకూ పనికిరాదు. ఏ డ్రాయింగు రాలేదో అందులో లేదు. అది రాక ఏ పని ఆగిందో లేదు. ఆ పని ఆగితే ప్రాజెక్టు ముగింపు తేదీ ఎందుకు జరుగుతుందో అసలే లేదు. చదివే ఇంజనీరు మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు. డ్రాయింగు ఆలస్యమవడం ఒక సంగతి, దానివల్ల ప్రాజెక్టు ఆలస్యమవడం ఇంకో సంగతి. మొదటిది డ్రాయింగ్ రిజిస్టర్ చూస్తే తెలుస్తుంది. రెండోదాన్ని కాంట్రాక్టరే గొలుసులా ముడివేసి చూపించాలి.

ఆ గొలుసు ఎలా వేయాలో ఒక్క డ్రాయింగు తీసుకుని చూద్దాం. కాంట్రాక్టు అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య ఫిడిక్ 1999లో ప్రచురించిన రెడ్ బుక్ అనుకుందాం. డిజైన్ ఎంప్లాయర్ వైపు నుంచి వచ్చే పనులకు ఉద్దేశించిన షరతులవి. ప్రపంచ బ్యాంకు వంటి సంస్థల రుణంతో మన దగ్గర జరిగే పనుల్లో, గల్ఫ్‌లో మనవాళ్లు ప్లానింగ్ ఇంజనీర్లుగా, క్వాంటిటీ సర్వేయర్లుగా పనిచేసే ప్రాజెక్టుల్లో వీటి రూపాంతరాలు తరచూ ఎదురవుతాయి.

ఒకటి కాదు, రెండు నోటీసులు

చాలామంది గమనించనిది ఏమిటంటే, ఈ షరతుల్లో డ్రాయింగు ఆలస్యానికి మొదటి ఉత్తరం ఆలస్యం జరగకముందే రాయాలి. 1.9 క్లాజు చెప్పేది ఇది: ఫలానా డ్రాయింగు సమంజసమైన సమయంలో రాకపోతే పని ఆలస్యమయ్యేలా ఉన్నప్పుడు కాంట్రాక్టరు ఇంజనీరుకు నోటీసు ఇవ్వాలి. అందులో ఏ డ్రాయింగు కావాలో, ఎందుకు కావాలో, ఏ తేదీలోగా కావాలో, రాకపోతే ఎంత ఆలస్యం జరగవచ్చో ఉండాలి. ఆ తేదీ దాటినా డ్రాయింగు రాక, దానివల్ల నష్టం జరిగితే మరో నోటీసు ఇవ్వాలి. అప్పుడే ముగింపు ఆలస్యమైన మేరకు గడువు పొడిగింపు, అయిన ఖర్చు, దాని మీద సమంజసమైన లాభం అడిగే హక్కు వస్తుంది. అదీ 20.1 క్లాజుకు లోబడి.

20.1 క్లాజు కఠినమైనది. సంఘటన గురించి కాంట్రాక్టరుకు తెలిసిన రోజు నుంచి, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే గడువు పెరగదు, డబ్బు రాదు, ఎంప్లాయరుకు ఆ విషయంలో ఏ బాధ్యతా మిగలదు. "తెలిసి ఉండాల్సిన" అన్న మాట దగ్గరే చాలామంది దొరికిపోతారు. డ్రాయింగు ఎప్పుడు రావాలో మీ ప్రోగ్రామ్‌లోనే రాసుకున్నారు కాబట్టి, అది రాని రోజే మీకు తెలిసినట్టు లెక్క అని అవతలివాళ్లు వాదిస్తారు.

ఈ 28 రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్న ప్రశ్న కోర్టుకూ వెళ్లింది. జిబ్రాల్టర్ విమానాశ్రయం రన్‌వే కింద నుంచి వెళ్లే సొరంగ రహదారి పని మీద వచ్చిన వివాదంలో, 2014లో ఇంగ్లండు టెక్నాలజీ అండ్ కన్‌స్ట్రక్షన్ కోర్టు కాంట్రాక్టరుకు కొంత ఊరటనిచ్చే అర్థం చెప్పింది. ముగింపు "ఆలస్యమైతే లేదా ఆలస్యం కాబోతుంటే" అని గడువు పొడిగింపు క్లాజులో ఉంది కాబట్టి, ఆలస్యం జరగబోతోందని స్పష్టమైనప్పుడైనా, నిజంగా మొదలైనప్పుడైనా నోటీసు ఇవ్వవచ్చని ఆ తీర్పు. వివాదం వచ్చాక తలదాచుకోవడానికి అది పనికొస్తుంది. ఉత్తరం రాసే రోజున మాత్రం దాన్ని మరచిపోయి, తొందరగా వచ్చే తేదీ నుంచే లెక్కపెట్టుకోవడం మంచిది.

ఉత్తరం ఎవరికి రాయాలన్నదీ కాంట్రాక్టే చెబుతుంది. రెడ్ బుక్‌లో నోటీసు ఇంజనీరుకు, దాని నకలు ఎంప్లాయరుకు. ఇంజనీరు అనే పాత్రే లేని కాంట్రాక్టుల్లో నేరుగా ఎంప్లాయరుకు. కన్సల్టెంటుకు వాట్సాప్‌లో "సార్, డ్రాయింగు ఇంకా రాలేదు" అని పెట్టిన మెసేజ్, వారం వారం మీటింగు మినిట్స్‌లో రాయించిన ఒక లైను సాక్ష్యాలుగా ఉపయోగపడవచ్చు కానీ నోటీసుగా నిలబడడం కష్టం. 2017 నాటి ఫిడిక్‌లో అయితే ఉత్తరం మీద అది నోటీసు అని గుర్తించి ఉండాలని కూడా రాశారు.

శ్లాబు డ్రాయింగు రాలేదు

ఇప్పుడు ఉదాహరణ. ఊహించిన ప్రాజెక్టే. ఆరు అంతస్తుల ఆసుపత్రి భవనం, ముగింపు గడువు 2025 మార్చి 31. రెండో అంతస్తులో ఆపరేషన్ థియేటర్లు వస్తాయి. ఆ అంతస్తు శ్లాబు రీయిన్‌ఫోర్స్‌మెంట్ డ్రాయింగు ఎస్-204. లెక్క తేలిగ్గా ఉండడానికి ఆదివారాలు, సెలవులు పక్కనపెట్టి అన్నీ క్యాలెండరు రోజులే అనుకుందాం.

అంగీకారం పొందిన ప్రోగ్రామ్ ప్రకారం శ్లాబు సెంట్రింగ్ జూన్ 1 నుంచి 14 వరకు. దానికి ఈ డ్రాయింగు అక్కర్లేదు, శ్లాబు కొలతలు, మట్టాలు చూపే వేరే డ్రాయింగు చాలు, అది ముందే వచ్చింది. ఎస్-204 మే 31లోగా రావాలి. అది వచ్చాక బార్ బెండింగ్ షెడ్యూల్ తయారు చేసి ఆమోదం తీసుకోవడానికి అయిదు రోజులు, జూన్ 1 నుంచి 5 వరకు. యార్డులో రాడ్డు కటింగ్, బెండింగ్‌కు ఏడు రోజులు, 6 నుంచి 12 వరకు. సెంట్రింగ్ 14న పూర్తవుతుంది కాబట్టి 15న రాడ్డు కట్టడం మొదలై పది రోజులు, అంటే 24 దాకా సాగుతుంది. 25న కాంక్రీటు. అక్కడి నుంచి మూడో అంతస్తు స్తంభాలు, పై శ్లాబులు, చివరికి ఆపరేషన్ థియేటర్ల గ్యాస్ పైపులు, ఏసీ పరీక్షలు, అప్పగింత. ఇందులో సెంట్రింగ్, ఆ తర్వాత రాడ్డు కట్టడం నుంచి అప్పగింత దాకా ఉన్న వరుస క్రిటికల్ పాత్ మీద ఉంది. అంటే ఆ వరుసలో ఏ పని ఒక రోజు ఆలస్యమైనా చివరి తేదీ ఒక రోజు ఆలస్యమవుతుంది.

ఇక్కడే ఒక చిన్న సందు ఉంది. రాడ్డు 12న సిద్ధమైపోతుంది, కట్టడం మొదలయ్యేది 15న. మధ్యలో 13, 14 ఖాళీ. కాబట్టి డ్రాయింగు రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా ఎవరికీ ఏమీ కాదు. డ్రాయింగుకు ఉన్న ఫ్లోట్ రెండు రోజులు. క్రిటికల్ పాత్ మీద ఉన్నది డ్రాయింగు కాదు, సెంట్రింగూ రాడ్డు కట్టడమూ. డ్రాయింగు జూన్ 2 దాటాకే క్రిటికల్ అవుతుంది. ఈ రెండు రోజుల సంగతి ఉత్తరంలో తనంతట తానే చెప్పిన కాంట్రాక్టరు మాటకు, అవతలి ప్లానింగ్ ఇంజనీరు దగ్గర ఎంత విలువ పెరుగుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది.

డ్రాయింగు జూన్ 22 సాయంత్రం వచ్చిందనుకుందాం. మే 31 నుంచి 22 రోజుల ఆలస్యం. షెడ్యూల్ జూన్ 23 నుంచి 27 వరకు, కటింగ్ బెండింగ్ జూన్ 28 నుంచి జూలై 4 వరకు, రాడ్డు కట్టడం జూలై 5న మొదలు. జూన్ 15న మొదలవాల్సింది జూలై 5కు పోయింది కాబట్టి 20 రోజులు. కాంక్రీటు జూన్ 25 నుంచి జూలై 15కు, ముగింపు మార్చి 31 నుంచి ఏప్రిల్ 20కి జరుగుతాయి. శీర్షికలోని ప్రశ్నకు ఈ ఉదాహరణలో జవాబు 22 కాదు, 20. సెంట్రింగ్ అనుకున్నట్టే ముగిసిందన్న షరతు మీద.

ఉత్తరంలో ఏముండాలి

మొదటి నోటీసు మే 10 ప్రాంతంలో వెళ్లి ఉండాలి: ఎస్-204 మే 31లోగా కావాలి, ఎందుకంటే రాడ్డు సిద్ధం చేయడానికి 12 రోజులు పడుతుంది, జూన్ 2 తర్వాత ప్రతి రోజూ ముగింపు తేదీ మీద పడుతుంది. మే 31న డ్రాయింగు రాలేదు. జూన్ 2న ఫ్లోట్ అయిపోయింది. జూన్ 4న రెండో నోటీసు. మే 31 నుంచి లెక్కపెట్టినా ఆఖరి రోజు జూన్ 28, కాబట్టి సమయం ఉంది. కానీ ఆగాల్సిన అవసరమూ లేదు.

జూన్ 4న ఒక ఇబ్బంది ఉంది. డ్రాయింగు ఎప్పుడు వస్తుందో ఇంకా తెలియదు. ఎన్ని రోజుల ఆలస్యమో రాయలేం. అంకె తేలాక రాద్దాం అని ఆగిపోవడం ఇక్కడే జరుగుతుంది, హక్కు పోయేదీ సాధారణంగా ఇలాగే. నోటీసులో అంకె అక్కర్లేదు. సంఘటన ఏమిటో, అది క్లెయిమ్‌కు దారితీస్తుందన్న విషయం ఏమిటో ఉంటే చాలు. అంకె, దాని ఆధారాలు 42 రోజుల్లోగా ఇచ్చే పూర్తి క్లెయిమ్‌లో వస్తాయి. 2017 ఫిడిక్‌లో ఆ 42ను 84 చేశారు. అంకె లేకపోయినా, అంకె ఎలా పెరుగుతుందో చెప్పే సూత్రం నోటీసులో ఉండవచ్చు, ఉంటేనే మేలు. ఉత్తరం సారం ఇలా ఉంటుంది:

"విషయం: 1.9, 20.1 క్లాజుల కింద నోటీసు. డ్రాయింగు ఎస్-204 రాకపోవడం వల్ల ఆలస్యం, అదనపు ఖర్చు.

మే 10 నాటి మా నోటీసులో, రెండో అంతస్తు శ్లాబు రీయిన్‌ఫోర్స్‌మెంట్ డ్రాయింగు ఎస్-204ను మే 31లోగా నిర్మాణానికి విడుదల చేయవలసిందిగా కోరాము. ఈ రోజు వరకు ఆ డ్రాయింగు మాకు అందలేదు.

మే 31 డేటా డేట్‌తో మేము సమర్పించిన ప్రోగ్రామ్‌లో ఈ డ్రాయింగు మీద ఆధారపడిన పనులు వరుసగా: బార్ బెండింగ్ షెడ్యూల్, 5 రోజులు, కటింగ్, బెండింగ్, 7 రోజులు, రాడ్డు కట్టడం, జూన్ 15న ప్రారంభం. రాడ్డు కట్టడం ప్రాజెక్టు క్రిటికల్ పాత్ మీద ఉంది. డ్రాయింగు విడుదలకు ఉన్న 2 రోజుల ఫ్లోట్ జూన్ 2తో ముగిసింది. అందువల్ల జూన్ 2 తర్వాత డ్రాయింగు ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ పనుల ముగింపు ఒక రోజు ఆలస్యమవుతుందని మా అంచనా. ప్రోగ్రామ్‌లోని సంబంధిత భాగం జతపరుస్తున్నాము.

సెంట్రింగ్ పని కొనసాగుతోంది. డ్రాయింగు భాగాలుగా ఇవ్వగలిగితే వాటితో షెడ్యూల్ మొదలుపెట్టడానికి మేము సిద్ధం.

గడువు పొడిగింపుకు, అదనపు చెల్లింపుకు మాకున్న హక్కు మేరకు ఈ నోటీసు ఇస్తున్నాము. వివరాలు 20.1 క్లాజు ప్రకారం సమర్పిస్తాము."

అర పేజీ. నిందలు లేవు, విశేషణాలు లేవు. "మీ కన్సల్టెంటు నిర్లక్ష్యం" లాంటి మాట ఒక్కటి పడినా జవాబు ఆ మాట మీదికే మళ్లుతుంది, డ్రాయింగు సంగతి పక్కకు పోతుంది. చివరి నుంచి రెండో పేరా చాలామంది వదిలేస్తారు కానీ అది ముఖ్యం. ఆలస్యాన్ని తగ్గించడానికి కాంట్రాక్టరు ఏం చేయగలడో, ఏం చేస్తున్నాడో అక్కడ నమోదవుతుంది. తర్వాత అదే అతన్ని కాపాడుతుంది లేదా పట్టిస్తుంది.

"మేము 12వ తేదీనే ఇచ్చాం కదా"

డ్రాయింగు ఒకే రోజు పూర్తిగా రావడం అరుదు. మన ఉదాహరణను కొంచెం మారుద్దాం. జూన్ 12న ఎస్-204 వచ్చింది. పైన "నిర్మాణానికి" అన్న ముద్ర కూడా ఉంది. కానీ ఆపరేషన్ థియేటర్ల పైభాగంలో ఏసీ డక్టుల రంధ్రాల చుట్టూ నాలుగు బేల మీద, అంటే స్తంభాల మధ్య ఉండే నాలుగు గడుల మీద, మబ్బు గీత గీసి "హోల్డ్" అని రాశారు. డక్టు కొలతలు తేలాక ఆ భాగం మళ్లీ పంపుతామన్నారు. సవరించినది జూన్ 22న వచ్చింది. ఇంజనీరు డ్రాయింగ్ రిజిస్టర్ తెరిచి డ్రాయింగు వచ్చింది 12న అంటాడు. కాంట్రాక్టరు 22 అంటాడు.

ఎవరి తేదీ సరైనదన్నది డ్రాయింగు మీద ముద్రను బట్టి తేలదు. ఆ డ్రాయింగుతో ఏ పని చేయగలిగారు, ఏది చేయలేకపోయారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. హోల్డ్ లేని బేలకు షెడ్యూల్ రాసి, రాడ్డు కోసి ఉంచుకోవచ్చు. అలా చేసి ఉంటే 22 తర్వాత మిగిలేది నాలుగు బేల పనే. షెడ్యూల్‌కు రెండు రోజులు, కటింగ్‌కు మూడు రోజులు అనుకుంటే రాడ్డు కట్టడం జూన్ 28న మొదలయ్యేది. ఆలస్యం 20 నుంచి 13కు పడిపోతుంది. కాంట్రాక్టరు అలా చేయకుండా 22 దాకా చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ ఏడు రోజులు తన ఖాతాలో పడే ప్రమాదం గట్టిగానే ఉంది.

దీనికి ఎదురు వాదన ఉండొచ్చు. శ్లాబు అంతా ఒకే పోత, హోల్డ్ భాగం నుంచి పక్క బేలలోకి వెళ్లే పై రాడ్ల పొడవు తేలకుండా చాలా రాడ్లు కోయలేం అన్నది అలాంటిది. నిజమైతే గట్టి వాదనే. కానీ దాన్ని జూన్ 13న ఆర్‌ఎఫ్‌ఐగా, అంటే వివరణ కోరే ఉత్తరంగా రాసి, ఏ బార్ మార్కులు ఆగిపోయాయో పట్టిక జతచేసినవాడికే అది పనికొస్తుంది. ఏడాది తర్వాత క్లెయిమ్‌లో మొదటిసారి చెబితే నమ్మేవాళ్లు ఉండరు. అందుకే ఆలస్యం నోటీసు ఒక్క ఉత్తరంతో అయిపోదు. సగం డ్రాయింగు వచ్చిన ప్రతిసారీ, రివిజన్ వచ్చిన ప్రతిసారీ, "ఇది అందింది, దీనితో ఇంత చేయగలం, ఇంత చేయలేం" అని ఒక చిన్న ఉత్తరం వెళ్లాలి. డ్రాయింగుతో పాటు వచ్చే ట్రాన్స్‌మిటల్ కాగితం మీద అందుకున్న తేదీ, సంతకం ఉండాలి.

మన వైపు ఆలస్యం

ఇప్పుడు ఎవరూ ఇష్టపడని భాగం. సెంట్రింగ్ నిజంగా జూన్ 14న ముగియలేదు. ప్రాప్స్ చాలక 17న ముగిసింది. ఆ మూడు రోజులు కాంట్రాక్టరు లోపం. డ్రాయింగు సకాలంలో వచ్చి ఉన్నా రాడ్డు కట్టడం 18నే మొదలయ్యేది. మరి 20 రోజులు అడగాలా, 17 అడగాలా? మొదటి ఉదాహరణే తీసుకుని, డ్రాయింగు మొత్తం 22న వచ్చిందనుకుని చూద్దాం.

ఇంజనీరు 17 అంటాడు. కాంట్రాక్టరు జవాబు ఇలా ఉంటుంది: జూన్ మొదటి వారం గడిచేసరికే డ్రాయింగు రాలేదు కాబట్టి రాడ్డు కట్టడం 18 తర్వాతే మొదలవుతుందని ఖాయమైపోయింది. అప్పటి నుంచి సెంట్రింగ్‌కు ఫ్లోట్ వచ్చింది, అది 17న ముగిసినా ముగింపు తేదీ మీద పడలేదు. ఇంగ్లండులోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా ప్రచురించిన ఆలస్యాల ప్రోటోకాల్ 2017 నాటి రెండో కూర్పు ప్రకారం, రెండు పక్షాల ఆలస్యం నిజంగా ఒకేసారి నడిచినా కాంట్రాక్టరుకు రావాల్సిన గడువు తగ్గకూడదు. అయితే ఆ ఉమ్మడి రోజులకు, తన ఆలస్యం వల్ల ఎలాగూ అయ్యే ఖర్చును అతను రాబట్టుకోలేడు. ఆ లెక్కన సమయం 20 రోజులు, డబ్బు 17 రోజులకు. ఆ ప్రోటోకాల్ చట్టం కాదు, కాంట్రాక్టులో లేకపోతే ఎవరినీ కట్టిపడేయదు. 1999 ఫిడిక్ ఈ విషయంలో మౌనంగా ఉంది, 2017ది ఆ సంగతిని ప్రత్యేక షరతులకు వదిలేసింది. మధ్యప్రాచ్యంలోనూ మన దగ్గరా ప్రైవేటు కాంట్రాక్టుల్లో ఒకేసారి జరిగిన ఆలస్యానికి గడువే ఇవ్వం అని రాసుకున్నవీ ఉంటాయి. సంతకం ముందు చదవాల్సిన లైను అది.

నా అభిప్రాయం ఏమిటంటే, ఏ వాదన ఎంచుకున్నా ఆ మూడు రోజులను క్లెయిమ్‌లో కాంట్రాక్టరే ముందుగా చెప్పాలి. సెంట్రింగ్ 17న ముగిసిందని డైలీ రిపోర్టులో ఎలాగూ ఉంది. ఇంజనీరు దాన్ని వెతికి బయటపెట్టాడంటే, ఆ తర్వాత మిగతా 17 రోజులనూ అదే అనుమానంతో చూస్తాడు.

డబ్బు లెక్క దగ్గర తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి. ముగింపు మార్చి 31 నుంచి ఏప్రిల్ 20కి జరిగింది కదా అని ఏప్రిల్ నెల సైటు ఖర్చు చూపిస్తారు. అప్పటికి సైటులో సగం మంది వెళ్లిపోయి ఉంటారు, క్రేను దించేసి ఉంటారు. నష్టం జరిగింది జూన్ 15 నుంచి జూలై 4 దాకా, టవర్ క్రేనూ ఫోర్‌మెన్లూ అంతా ఉన్నప్పుడు. ఆ రోజుల ఖర్చే లెక్కలోకి రావాలి. వచ్చేది ఎక్కువ మొత్తం కూడా.

ఏ ప్రోగ్రామ్ మీద లెక్క కట్టారు?

క్రిటికల్ పాత్ స్థిరంగా ఉండదు, ప్రాజెక్టు నడిచేకొద్దీ మారుతుంది. మొదట ఆమోదించిన బేస్‌లైన్‌లో శ్లాబు క్రిటికల్ కావచ్చు. కానీ మే నాటికి కాంట్రాక్టరు ఏసీ చిల్లర్లకు ఆర్డరు ఇవ్వడం 30 రోజులు ఆలస్యం చేసి, ఇప్పుడు ముగింపును నిర్ణయించేది చిల్లర్ల రాకే అయితే, శ్లాబు దారికి నెల రోజుల దాకా ఫ్లోట్ వచ్చి ఉంటుంది. అప్పుడు డ్రాయింగు వల్ల శ్లాబు 20 రోజులు జరిగినా చివరి తేదీ కదలకపోవచ్చు. బేస్‌లైన్ మీద గీసిన అందమైన చార్టు ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వదు. అందుకే నోటీసులో "మే 31 డేటా డేట్‌తో ఉన్న ప్రోగ్రామ్" అని ప్రత్యేకంగా రాసింది. మే 31 వరకు జరిగిన పనిని చూపించే ప్రోగ్రామ్ అని దానర్థం. ఆలస్యం మొదలయ్యే ముందటి అప్‌డేట్ తీసుకుని, అందులో డ్రాయింగు రాక, షెడ్యూల్, కటింగ్ అనే చిన్న వరుసను చేర్చి, సరైన పనులకు ముడివేసి, మళ్లీ లెక్క నడపాలి. ముందు తేదీ, తర్వాత తేదీ మధ్య తేడాయే ఆ సంఘటన ప్రభావం. దీన్నే టైమ్ ఇంపాక్ట్ ఎనాలిసిస్ అంటారు.

ప్రిమవెరా ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ లెక్క తప్పడానికి మామూలు కారణం, పాత ప్రోగ్రామ్‌లో డ్రాయింగులు అసలు పనులుగా లేకపోవడం. డ్రాయింగు విడుదల ఒక మైలురాయిగా ఉండి, అది బార్ బెండింగ్ షెడ్యూల్‌కూ, ఆ షెడ్యూల్ కటింగ్‌కూ ముడిపడి ఉంటే, తేదీ మార్చగానే ప్రభావం కనిపిస్తుంది. లేకపోతే క్లెయిమ్ కోసం కొత్తగా ముడి వేయాలి, "ఈ సంబంధం మీరు ఇప్పుడు కల్పించారు" అన్న మాట పడాలి. రెండో కారణం, ఎవరో రాడ్డు కట్టడానికి జూన్ 15 అని తప్పనిసరి ప్రారంభ తేదీ బిగించి ఉంచడం. అలా బిగిస్తే డ్రాయింగు ఎంత ఆలస్యమైనా ఆ పని కదలదు, నెగెటివ్ ఫ్లోట్ మాత్రం చూపిస్తుంది. లెక్క నడిపాక ముగింపు తేదీ కదలలేదంటే ముందు ఇది చూసుకోవాలి.

ఫిడిక్ కాకపోతే

కేంద్ర ప్రజాపనుల శాఖ సీపీడబ్ల్యూడీ పనుల్లో ఇదే సంగతి అయిదో క్లాజు కింద వస్తుంది. సంఘటన జరగ్గానే లిఖితపూర్వకంగా తెలియజేయాలి. గడువు పొడిగింపు దరఖాస్తు నిర్ణీత ఫారంలో 14 రోజుల్లోగా ఇవ్వాలి. అక్కడ హిండ్రెన్స్ రిజిస్టర్ అనే పుస్తకం ఉంటుంది. అడ్డంకి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తొలగింది, ఏ పని ఆగింది అని అందులో రాసి రెండు పక్షాలూ సంతకం పెడతాయి. ఆ రిజిస్టర్‌లో "డ్రాయింగు ఎస్-204, మే 31 నుంచి జూన్ 22" అన్న ఒక్క లైనుతో సంతృప్తి పడకూడదు. ప్రభావం పడిన పని పేరు, అది మొదలవాల్సిన తేదీ, అడ్డంకి ఉన్న రోజుల్లో ఇంకేదైనా అడ్డంకితో కలిసిన రోజులు కూడా రాయించుకోవాలి.

నోటీసు గడువు దాటిన క్లెయిమ్ పూర్తిగా చచ్చిపోతుందా అన్నదానిపై మన దేశంలో వాదన తెగలేదు. హక్కును నిర్ణీత కాలం తర్వాత ఆర్పేసే ఒప్పందాలు చెల్లవని చెప్పే కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్‌ను ఒక పక్షం చూపిస్తుంది. నోటీసు హక్కుకు ముందు షరతు మాత్రమేనని, హక్కు పుట్టనే లేదని రెండో పక్షం అంటుంది. ఆర్బిట్రేటర్ ముందు ఏ వైపు తేలుతుందో ముందే నమ్ముకుని ఉత్తరం ఆపుకోవడం మంచిది కాదు.

అదే చట్టం 55వ సెక్షన్ చివరి పేరా మరో ఉత్తరం కోరుతుంది. అవతలి పక్షం సకాలంలో చేయాల్సింది చేయకపోయినా ఆలస్యంగా చేసినదాన్ని అంగీకరించి ముందుకు సాగితే, ఆ అంగీకార సమయంలోనే పరిహారం అడుగుతానని నోటీసు ఇవ్వకపోతే ఆ పరిహారం అడగలేం. జూన్ 22న డ్రాయింగు చేతికందగానే చాలామంది హమ్మయ్య అనుకుని సంతకం పెట్టి పని మొదలుపెడతారు. ఆ రోజు ట్రాన్స్‌మిటల్ అందుకుంటూనే "జూన్ 4 నాటి నోటీసు ప్రకారం ఆలస్యానికి పరిహారం కోరే మా హక్కును నిలుపుకుంటూ స్వీకరిస్తున్నాము" అని ఒక వాక్యం రాసి పంపాలి. తర్వాత ఎంప్లాయరు గడువు పొడిగిస్తూ ఇచ్చే ఉత్తరంలో "అదనపు చెల్లింపు లేకుండా" అన్న మాట కనిపిస్తే, దాన్ని అందుకున్న రోజే అదే వాక్యాన్ని మళ్లీ పంపాలి.